‘వచ్చే’ డబ్బు, ‘పడే’ డబ్బు

సందేహం: కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెబుతున్నాను. విదేశంలో అనుబంధ కంపెనీ పెట్టాలా వద్దా అని తేల్చే పాఠాన్ని తెలుగులో రాసుకున్నాను. ‘అనుబంధ కంపెనీ నుండి వచ్చే నగదును భవిష్య మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి, దేశ ప్రమాద ప్రీమియంతో డిస్కౌంట్ చేయాలి’ అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. నైజీరియాలో మందుల ఫ్యాక్టరీ పెట్టే లెక్క ఒకటి ఇస్తే, పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో జవాబు తెచ్చారు. తప్పు లెక్కలో ఉందా, నా తెలుగులో ఉందా?

సమాధానం: తెలుగులోనే ఉందండీ. అన్నిటికంటే ఎక్కువగా ‘వచ్చే’ అన్న మాటలో ఉంది.

గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకు గురించి కరీంనగర్ వైపు ఇళ్ళలో మాట్లాడుకునే తీరు గుర్తు చేసుకోండి. ‘జీతం ఎంత?’ అన్నది ఒక ప్రశ్న. ‘ఎంత పంపిండు?’ అన్నది మరొకటి. ‘పైసలు పడ్డయా?’ అన్నది మూడోది. ఆ తల్లి ఈ మూడింటినీ ఎప్పుడూ కలపదు. జీతంలో అక్కడి గదికీ తిండికీ పోయేది ఉంటుంది, పంపినదాంట్లో కమిషన్ పోతుంది, రేటు మారుతుంది. ఇంటి ఖర్చు లెక్క వేసేటప్పుడు ఆమె పట్టుకునేది మూడో మాటనే. మీ పాఠంలోని మాతృ కంపెనీ కూడా ఆ తల్లి స్థానంలోనే ఉంది. ‘వచ్చే నగదు’ అనగానే ఒక పిల్లవాడు అనుబంధ కంపెనీకి నైజీరియాలోని లాగోస్‌లో వచ్చేది అనుకుంటాడు, ఇంకొకడు హైదరాబాదుకు వచ్చేది అనుకుంటాడు. వ్యాకరణం ఇద్దరినీ ఒప్పుకుంటుంది. లెక్క మాత్రం ఒక్కరినే ఒప్పుకుంటుంది.

నేను భాష మనిషిని కాబట్టి, బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో చాలాకాలం పనిచేసిన మా తమ్ముడితో కూర్చుని మీరు పంపిన లెక్కను అడుగడుగునా వేసి చూశాను. పెట్టుబడి 10 కోట్ల రూపాయలు. నైజీరియా కరెన్సీ నైరా. నేటి రేటు రూపాయికి 20 నైరాలు అనుకోమన్నారు. ఫ్యాక్టరీకి మొదటి ఏడు 80 కోట్లు, రెండో ఏడు 120 కోట్లు, మూడో ఏడు ఫ్యాక్టరీని అమ్మిన సొమ్ముతో కలిపి 180 కోట్ల నైరాలు మిగులుతాయి. మన కంపెనీ ఇక్కడ ఆశించే రాబడి 12 శాతం.

మొదటి పిల్లవాడు అన్నిటినీ నేటి రేటుతోనే మార్చేశాడు. అతనికి 4, 6, 9 కోట్ల రూపాయలు వచ్చాయి. వాటిని 12 శాతంతో డిస్కౌంట్ చేసి, అంటే నేటి విలువకు తెచ్చి, పెట్టుబడి తీసేస్తే 4.76 కోట్ల మిగులు. ఫ్యాక్టరీ పెట్టవలసిందే అన్నాడు. అతణ్ణి ఆ దారి పట్టించింది మీ ‘భవిష్య మారకపు రేటు’. ఆ పేరుగల రేటు ఏదో బ్యాంకు ఇస్తుందనుకుని, అది దొరక్క, చేతిలో ఉన్నదాన్ని వాడుకున్నాడు. బ్యాంకు ఇచ్చేది మరొకటి ఉంది, ఫలానా తేదీన ఫలానా రేటుకు డాలర్లు కొంటానని ముందే కుదుర్చుకునే ఒప్పందపు రేటు. దాన్ని ‘ముందస్తు ఒప్పందపు రేటు’ అనండి. ఈ లెక్కకు కావలసింది మనం వేసుకునే ‘అంచనా రేటు’. ‘జోస్యం’ అన్న మాట మాత్రం దీనికి వద్దు. అంచనాకు ఒక దారి ఉంటుంది, ఆ దారి చూపగలగాలి.

ఆ దారి ఇది. నైజీరియాలో ధరలు ఏటా 20 శాతం, మన దేశంలో 5 శాతం పెరుగుతాయనుకుందాం. అక్కడి 120 నైరాల సరుకూ ఇక్కడి 105 రూపాయల సరుకూ ఏడాది చివర సమానంగా నిలవాలంటే, రూపాయికి 20 ఉన్నది 22.86 నైరాలు కావాలి. రెండో ఏడు 26.12, మూడో ఏడు 29.85. ఈ రేట్లతో మారిస్తే 3.50, 4.59, 6.03 కోట్ల రూపాయలు. ఇప్పుడు మిగులు 4.76 కోట్ల నుంచి 1.08 కోట్లకు దిగింది.

ఇక్కడే మరో మాట. ‘మారకం రేటు పెరిగింది’ అని పాఠంలో ఎక్కడా రాయకండి. రూపాయికి వచ్చే నైరాలు పెరిగాయంటే నైరా పడిపోయినట్టు. నైరాకు వచ్చే రూపాయలు పెరిగాయంటే నైరా బలపడినట్టు. రెంటికీ ఒకే వాక్యం సరిపోతుంటే ఆ వాక్యం పనికిరాదు. ‘నైరా బలహీనపడింది’ అంటే ఎవరికీ అనుమానం ఉండదు.

ఈ అంచనాకు హద్దు ఉందని కూడా పాఠంలో చెప్పాలి. ధరల తేడాను బట్టి వేసే అంచనాలో నైరా మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగుతుంది. ప్రభుత్వం పట్టి నిలిపిన కరెన్సీ మాత్రం అలా దిగదు, ఒక్కసారి విరిగిపడుతుంది. 2023 జూన్‌లో నైజీరియా తన కరెన్సీ మీద పట్టు వదిలినప్పుడు డాలరుకు సుమారు 470 నైరాలున్న రేటు కొద్ది రోజుల్లోనే 700 దాటింది. 2024 మొదటి నెలలకు 1500 ప్రాంతానికి చేరింది. కాబట్టి ఒక అంచనాతో ఆగకుండా, రెండో ఏటనే పెద్ద విరుపు వస్తే ఏమవుతుందన్న లెక్క కూడా పక్కన వేయించండి.

ఇక అసలు మాటకు వద్దాం. మీ లెక్క షరతుల్లో ఒకటి, మొదటి రెండేళ్ళూ మిగులులో సగమే దేశం దాటనిస్తారని. తక్కిన సగం అక్కడి బ్యాంకులో వడ్డీ లేకుండా ఉండి మూడో ఏట విడుదలవుతుంది. దేశం దాటేదానిమీద అక్కడి ప్రభుత్వం 10 శాతం పన్ను పట్టుకుంటుంది. ఇక్కడ మన పన్ను సంగతి మీరు పక్కన పెట్టారు, నేనూ పెడతాను.

మొదటి ఏడు సంపాదించింది 80 కోట్ల నైరాలు. పంపింది 40 కోట్లు. పడింది 36 కోట్లు. మూడు క్రియలు, మూడు అంకెలు. రెండో ఏడు సంపాదన 120, పంపింది 60, పడింది 54. మూడో ఏడు ఆ ఏటి 180కి ఆగిపోయిన 40, 60 కలిపి 280 పంపితే, 252 పడతాయి. అంచనా రేట్లతో ఇవి 1.58, 2.07, 8.44 కోట్ల రూపాయలు. 12 శాతంతో నేటి విలువకు తెస్తే మొత్తం 9.06 కోట్లు. పెట్టింది 10. అంటే 94 లక్షల లోటు.

రేటు మార్చలేదు, అమ్మకాలు మార్చలేదు. ‘వచ్చే’ తీసి ‘పడే’ పెట్టాం, పెట్టవలసిన ఫ్యాక్టరీ పెట్టకూడనిదయింది. ఆ ఆగిపోయిన సగాన్ని దగ్గరగా చూడండి. మొదటి ఏట ఆగిన 40 కోట్ల నైరాలు ఆనాడే వచ్చి ఉంటే, పన్ను సంగతి అటుంచితే, 1.75 కోట్ల రూపాయలు. మూడో ఏట కదిలేసరికి అవే నైరాలు 1.34 కోట్ల రూపాయలే. బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్క నైరా తగ్గలేదు, అయినా 41 లక్షలు కరిగిపోయాయి. అక్కడి లెక్కల పుస్తకంలో ఇది ఎక్కడా కనబడదు, ఇక్కడి చేతిలోనే తెలుస్తుంది. 2022లో ఎమిరేట్స్ విమాన సంస్థ నైజీరియాకు విమానాలు నిలిపివేసింది టిక్కెట్లు అమ్ముడుపోక కాదు, అమ్మిన టిక్కెట్ల సొమ్ము దేశం దాటి రాక.

అందుకే ‘వచ్చే నగదు’ బదులు ‘మాతృ కంపెనీ చేతికందే నగదు’ అనమంటాను. ‘పంపే నగదు’ కొంత నయమే గాని పన్ను ముందరి అంకెనూ పంపినదనే అంటారు. ‘అందే’ అన్నదాంట్లో ఆ చిక్కు లేదు. తరగతి గదిలో నోటితో చెప్పేటప్పుడు ‘పడే’ అనండి, పిల్లల ఇళ్ళలో ఉన్న మాట అదే.

‘దేశ ప్రమాద ప్రీమియం’లో రెండు చిక్కులున్నాయి. తెలుగువాళ్ళకు ప్రీమియం అంటే బీమాకు మనం కట్టేది. మీ పిల్లల్లో ఒకరు ఏటా నగదులోంచి 5 శాతం తీసివేసింది అందుకే. ఇక్కడ మనం కట్టేది ఏమీ లేదు, ముప్పు ఉన్నచోట మనం ఎక్కువగా ఆశించే రాబడి ఇది. ఇక ప్రమాదం అన్నది మన వార్తల్లో జరిగిపోయినదానికి వాడే మాట. జరగబోయేదానికి, జరగకపోవచ్చుగాని భయం ఉన్నదానికి తెలుగులో ‘ముప్పు’ ఉంది. ‘దేశపు ముప్పుకు అదనపు రేటు’ అనండి. పొడుగే, కానీ చదివినవాడు తీసివేయడు, రేటుకు కలుపుతాడు.

ఆ అదనపు రేటు ఎక్కడి నుంచి వస్తుంది? నైజీరియా ప్రభుత్వం డాలర్లలో అప్పు తెస్తే అమెరికా ప్రభుత్వం కంటే ఎంత ఎక్కువ వడ్డీ ఇవ్వవలసి వస్తోందో చూస్తారు. అప్పు ఇచ్చినవాడి కంటే వాటాదారుకు ముప్పు ఎక్కువ కనుక ఆ తేడాను కొంత పెంచుతారు. న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే అశ్వత్ దామోదరన్ ఇలా దేశదేశానికీ లెక్కగట్టి అందరికీ అందుబాటులో ఉంచుతారు. మన కంపెనీ విషయంలో ఒక మెలిక ఉంది. 12 శాతంలో భారతదేశపు ముప్పు అప్పటికే కలిసి ఉంది. కనుక పాఠం కోసం నైజీరియాకు 8, మనకు 3 అనుకుంటే, కలపవలసింది 8 కాదు, 5. అలా 17 శాతంతో చూస్తే లోటు 94 లక్షల నుంచి 1.87 కోట్లకు పెరుగుతుంది.

ఈ రెండో అంకె నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది. సొమ్ము ఆగిపోవడం, నైరా బలహీనపడటం భాగహారంలో పైనున్న నగదులోనే లెక్కించాం. అవే భయాలను మళ్ళీ కిందనున్న రేటులోనూ కలిపితే ఒకే దెబ్బ రెండుసార్లు కొట్టినట్టు. ఒక్కొక్క భయాన్నీ విడిగా రాయించి, అది పైన ఉందా కింద ఉందా అని గీత గీయించండి. ఫ్యాక్టరీని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం, నియమాలు ఉన్నట్టుండి మారిపోవడం వంటివి పైన ఎక్కడా లేవు, వాటికోసమే కింద కలపాలి. అప్పుడు 5 శాతం 3 కావచ్చు, 2 కావచ్చు. అది మీరు తేల్చవలసిన సంగతి. ఒకటి మాత్రం ఖాయం: నగదును రూపాయల్లోకి మార్చాక నైజీరియా బ్యాంకుల వడ్డీ రేటుతో డిస్కౌంట్ చేయకూడదు. మీరు పంపిన జవాబుల్లో ఒకటి అలాగే ఉంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘అనుబంధ కంపెనీ సంపాదించిన దాంట్లోంచి, అక్కడి ఆంక్షలూ పన్నులూ పోగా మాతృ కంపెనీ చేతికందే నగదును మాత్రమే, అందే ఏటి అంచనా రేటుతో రూపాయల్లోకి మార్చాలి. మాతృ కంపెనీ రూపాయల్లో ఆశించే రాబడికి, నగదులో లెక్కకు రాని దేశపు ముప్పుకు తగిన అదనపు రేటు కలిపి, ఆ మొత్తంతో డిస్కౌంట్ చేయాలి.’