లెక్కల పుస్తకం తీస్తే ఇంట్లో గొడవే!

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. సమీకరణాలు అస్సలు రావడం లేదు. రాత్రి మావారు దగ్గర కూర్చోబెట్టుకుని ఒక లెక్క ఇచ్చి ‘నువ్వే ఆలోచించు’ అంటారు. అరగంట చూసి అది ఏడుస్తుంది, ఆయన కేకలేస్తారు. నేను చేసి చూపించబోతే ‘నువ్వే దాన్ని సోమరిని చేస్తున్నావు’ అని నామీద పడతారు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక తల్లి

జవాబు: తప్పు కాదమ్మా. మీవారు అడుగుతున్నదీ న్యాయమైనదే, కాకపోతే చాలా ముందుగా అడుగుతున్నారు. ఈ జవాబు ఆయనకూ చదివి వినిపించండి.

కొత్త విషయాన్ని మనసులో పట్టుకుని దానితో పనిచేసే చోటు చాలా ఇరుకు. ఒకేసారి మూడు నాలుగు అంశాలకు మించి అందులో నిలవవు. 3(x − 2) = x + 8 అని ఇస్తే మీవారికి అది ఒకే ముక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ పద్ధతి ఆయనకు ఏనాడో వచ్చేసింది. పాపకు మాత్రం బ్రాకెట్, మైనస్, రెండు పక్కలా ఉన్న x, చివరికి రావలసిన జవాబు, ముందు ఏది చేయాలన్న సందేహం అన్నీ విడివిడిగా మోయాలి. దారి వెతకడానికే ఆ చోటంతా సరిపోతే పద్ధతి గుర్తుండడానికి ఏమీ మిగలదు.

‘కష్టపడి చేస్తే అదే వస్తుంది’ అని ఆయన అనవచ్చు. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తను ఆలోచనలో పడేసింది సరిగ్గా ఇదే. ఆయన కాలేజీ విద్యార్థులకు ఒక సంఖ్య నుంచి ఇంకో సంఖ్యకు చేరే లెక్కలిచ్చారు. 3తో గుణించడం, 69 తీసేయడం, ఈ రెండే చేయాలి. ఉదాహరణకు 40 నుంచి 84కి వెళ్లాలంటే 120, 51, 153, 84. ప్రతి లెక్కకూ దారి ఒకటే, ఒకసారి గుణించడం, ఒకసారి తీసేయడం, ఇలా మార్చి మార్చి చేస్తూ పోవడమే. విద్యార్థులు దాదాపు అన్నీ సాధించారు కానీ, ఆ వరసను గమనించినవాళ్లు బహు కొద్దిమంది. జవాబు రావడం వేరు, పద్ధతి పట్టుబడడం వేరు అని ఆయనకు అక్కడ అనిపించింది. 1985లో తోటి పరిశోధకుడు కూపర్‌తో కలిసి బీజగణితంలో పరీక్షించినప్పుడు, చేసి చూపిన లెక్కలు చదివిన పిల్లలు తర్వాత అలాంటి లెక్కలనే, మొదటినుంచీ సొంతంగా చేసినవాళ్లకన్నా తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేశారు.

అందుకని ఈ రాత్రి ఇలా చేయండి. లెక్క మొత్తం మీరే రాయండి, కారణం ఆ వరస పక్కనే ఉండాలి:

3(x − 2) = x + 8
3x − 6 = x + 8 (3 బ్రాకెట్‌లోని రెండింటినీ గుణించింది)
2x − 6 = 8 (రెండు పక్కలా x తీసేశాం)
2x = 14 (రెండు పక్కలా 6 కలిపాం)
x = 7 (సరిచూస్తే 3 × 5 = 15, 7 + 8 = 15)

కారణాలు వేరే పేజీలో రాస్తే చూపు అటూ ఇటూ తిరగడానికే ఆ ఇరుకు చోటు ఖర్చయిపోతుంది. పాప చదువుతున్నంతసేపూ పక్కన ఎవరూ మాట్లాడవద్దు. చదివాక కాగితం మూసి, వెంటనే దాని కవలలాంటిది ఇవ్వండి: 4(x − 1) = x + 11. ఒకటి చూడడం, ఒకటి చేయడం, ఇలా మూడు జతలు చాలు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పిల్లలు పైపైన చూసి ‘అర్థమైంది’ అంటారు. కాబట్టి చదివాక ‘ఈ 2x ఎక్కడినుంచి వచ్చింది?’ అని అడగండి. ‘3xలోంచి x పోయింది’ అంటే పట్టుకుంది. ‘అలాగే చేయాలి కదా’ అందంటే కేవలం చూసి రాస్తోంది. ‘పక్క మారితే గుర్తు మారుతుంది’ అని బట్టీ పట్టించినా ఇదే జరుగుతుంది. బ్రాకెట్ విప్పి 3x − 2 అని రాస్తోందంటే ఆమెకు రానిది ఆ ఒక్క వరసే. మొత్తం మళ్లీ చెప్పకుండా బ్రాకెట్లు విప్పడం మాత్రమే ఉన్న నాలుగు చిన్న లెక్కలు చూపండి.

జతలు సాఫీగా నడిచాక, 5(x − 3) = 2x + 6 లాంటి దాన్ని రాసిచ్చి చివరి వరస ఖాళీగా వదలండి. మర్నాడు చివరి రెండు, ఆపైన మూడు. కాగితం చూడకుండా వరసగా మూడు లెక్కలు చేసిందంటే చూపించడం ఆపేయండి. వచ్చినవాళ్లకు మళ్లీ చేసి చూపితే అది అడ్డమే అవుతుంది, చదవక తప్పని అదనపు బరువుగా మారుతుంది.

‘నువ్వే ఆలోచించు’ అని మీవారు కూర్చోవలసింది అప్పుడు. తండ్రి వయసు, కూతురు వయసు లాంటి మాటల లెక్కలు ఆయన్నే ఇవ్వమనండి. కాకపోతే అవి కొత్త రకం. చూసి నేర్చుకున్న పద్ధతి వేరే రకం లెక్కకు దానంతటది అంటుకోదు కాబట్టి, వాటిలోనూ మొదటి రెండు ఆయన చేసి చూపించాలి.