8 నిమిషాల సెమినార్‌కి 22 స్లైడ్లు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లాస్ సెమినార్ కోసం మా మేడమ్ ఒక నోట్ ఇచ్చారు. 8 నిమిషాలు మాట్లాడాలి, 2 నిమిషాలు ప్రశ్నలు. మొత్తం 20 మార్కులు: నిర్మాణం 5, విషయంపై పట్టు 7, స్లైడ్లు 3, చెప్పే తీరు 3, ప్రశ్నలకు జవాబులు 2. నిర్మాణం దగ్గర “సమస్య, ఒకే ప్రశ్న, వివరణ, ఆధారం, పరిమితులు, ముగింపు” అని మాత్రమే రాశారు. “సమయం దాటితే నిమిషానికి 1 మార్కు కోత. స్లైడ్ చూసి చదివితే విషయంపై పట్టులో సగానికి మించి ఇవ్వను” అని కూడా ఉంది. నా టాపిక్ “ఫ్లోరైడ్ తొలగింపులో నల్లగొండ పద్ధతి”. ఇప్పటికే 22 స్లైడ్లు అయ్యాయి. ఏవి తీసేయాలి? మార్కులు ఎక్కడ పోతాయి సార్?

జవాబు: ముందు మార్కుల పంపకం చూడండి. నిర్మాణం, విషయంపై పట్టు కలిపితే 12. స్లైడ్లు, చెప్పే తీరు కలిపినా 6 దాటవు. చాలామంది మాత్రం రంగులు, యానిమేషన్లు, ఫొటోల మీద మూడు రాత్రులు పెట్టి, అసలు ఏం చెప్పాలో చివరి రోజు ఆలోచిస్తారు. మేడమ్ కాగితం మీద ఆరు నిర్మాణ భాగాల పేర్లు ఉంటాయి. మీరు మాట్లాడుతుంటే ఒక్కోటి వినిపించినప్పుడు టిక్ పెడతారు. మీ మనసులో ఉన్నా నోటి నుంచి రాకపోతే టిక్ పడదు. కాబట్టి ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లేటప్పుడు “ఇంతవరకు ఎలా పనిచేస్తుందో చూశాం, ఇప్పుడు దీనికి ఆధారం చూద్దాం” అని ఒక్క వాక్యం పైకి చెప్పండి. నిర్మాణం మార్కులు ఎక్కువగా పోయేది ఈ వాక్యాలు లేకే.

ఇక నోట్‌లో అందరూ దాటేసే మాట “ఒకే ప్రశ్న”. “నల్లగొండ పద్ధతి” అన్నది టాపిక్, ప్రశ్న కాదు. ప్రశ్న లేకపోతే తెలిసిందంతా చెప్పాలనిపిస్తుంది. 22 స్లైడ్లు అలాగే వచ్చాయి. ఈ పద్ధతిలో నీటిలోని ఫ్లోరైడ్‌ను దించేది పటిక. కాబట్టి మీ టాపిక్‌కి ఒక మంచి ప్రశ్న ఇది: “పటిక మోతాదు ఊరు ఊరికీ ఎందుకు మారుతుంది?” దీనికి జవాబు చెప్పాలంటే రసాయన చర్య అర్థమై ఉండాలి. అంటే 7 మార్కుల భాగం దానంతట అదే వచ్చేస్తుంది. ఈ ప్రశ్నను పక్కన పెట్టుకుని ప్రతి స్లైడ్‌నీ అడగండి: ఈ జవాబుకు నువ్వు అవసరమా? ఫ్లోరిన్ ఎవరు కనుక్కున్నారు, ఆవర్తన పట్టికలో ఎక్కడ ఉంది, ఆర్‌ఓ ఎలా పనిచేస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా లాభాలేంటి, విషయసూచిక స్లైడ్, “థాంక్యూ” స్లైడ్: ఇవన్నీ పోతాయి. ఫ్లోరోసిస్ ఫొటోలు ఎన్ని ఉన్నా ఒకటి ఉంచండి. మిగిలేవి ఆరో ఏడో. 8 నిమిషాలకు అవి చాలు.

సమయాన్ని ఇలా పంచుకోండి. సమస్యకు ఒక నిమిషం, ప్రశ్నకు అర నిమిషం, పద్ధతి ఎలా పనిచేస్తుందో వివరించడానికి రెండున్నర నిమిషాలు, ఆధారానికి ఒకటీ ముప్పావు, పరిమితులకు ఒక నిమిషం, ముగింపుకు అర నిమిషం. మొత్తం ఏడుంపావు నిమిషాలు. మిగతా ముప్పావు నిమిషం ఎందుకంటే, ఇంట్లో చెప్పుకున్నదానికంటే క్లాసులో ఎప్పుడూ కొంచెం ఎక్కువే పడుతుంది. ప్రొజెక్టర్ తగిలించడం, ఎవరో తలుపు తీసుకుని రావడం, మీరే ఒక మాట మళ్లీ చెప్పడం. ఇంగ్లిష్‌లో చెప్పేటట్లయితే రాసుకున్నది 850 మాటలు దాటకుండా చూసుకోండి. దాటితే వేగంగా చదివేయాలనిపిస్తుంది. మేడమ్ హెచ్చరించిన “చూసి చదవడం” మొదలయ్యేది అక్కడే.

సమస్య భాగంలో చరిత్ర ఒక్క వాక్యం చాలు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యులు ప్రచురించారు. ఆ వెంటనే అంకెకు వచ్చేయండి. భారత ప్రమాణం IS 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఈ అంకె ముందే చెబితే, తర్వాత చూపించే గ్రాఫ్‌లో గీత ఎందుకు గీశారో అందరికీ అర్థమవుతుంది.

వివరణ దగ్గర చాలామంది “పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేటపడనిచ్చి, వడకట్టాలి” అని వరసగా చదివేసి ఆపేస్తారు. అది వంటల పుస్తకం చదివినట్టే, అందులో పట్టు కనిపించదు. ప్రతి పనికీ “ఎందుకు” జతచేయండి. పటిక నీటిలోని క్షారతతో కలిసినప్పుడు జరిగేది ఇది:

```
Al2(SO4)3 + 3Ca(HCO3)2 → 2Al(OH)3 + 3CaSO4 + 6CO2
```

ఈ సమీకరణాన్ని చదవకండి, దాని మీద వేలు పెట్టి మూడు మాటలు చెప్పండి. ఒకటి, Al(OH)3 మెత్తటి తెల్లటి ముక్కలుగా ఏర్పడుతుంది, ఫ్లోరైడ్ దానికి పట్టుకుని అడుగుకు దిగుతుంది. రెండు, ఎడమవైపు బైకార్బొనేట్ ఉంది, అంటే పటిక నీటిలోని క్షారతను తినేస్తుంది. క్షారత తక్కువున్న నీటిలో పటిక ఎక్కువేస్తే నీరు ఆమ్లమవుతుంది, అల్యూమినియం ముక్కలుగా దిగకుండా కరిగే ఉండిపోతుంది. అందుకే సున్నం. మూడు, సున్నం మరీ ఎక్కువైనా చెడే. నీరు క్షారమైపోయి ఆ ముక్కలు ఫ్లోరైడ్‌ను సరిగా పట్టుకోలేవు. పీహెచ్ 6.5 చుట్టుపక్కల ఉంటే మంచి ఫలితం వస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌కు ఫ్లోరైడ్‌తో పనిలేదు, అది క్రిముల కోసం. ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు పైకి చెప్పండి: మోతాదు ఫ్లోరైడ్ ఒక్కదాని మీద కాదు, ఆ ఊరి నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది.

తర్వాత ఒక లెక్క బోర్డు మీద చేయండి, స్లైడ్ మీద వద్దు. ఇంటి బకెట్ 40 లీటర్లు అనుకోండి. ఆ నీటికి మోతాదుల పట్టికలో లీటరుకు 500 మిల్లీగ్రాముల పటిక ఇచ్చారనుకుందాం. 40 × 500 = 20,000 మిల్లీగ్రాములు, అంటే 20 గ్రాములు. సున్నం సాధారణంగా పటికలో ఇరవయ్యో వంతు, అంటే 1 గ్రాము. ఈ 500 ఉదాహరణకు తీసుకున్నదేనని, అసలు మోతాదు నీటిని పరీక్షించాకే తేలుతుందని తప్పక చెప్పండి. ఈ లెక్కకు పట్టేది అర నిమిషం. మీరు స్లైడ్ చూడకుండా పనిచేస్తున్నారని మేడమ్ కళ్లారా చూస్తారు. ఆ 7 మార్కుల్లో సగం దగ్గర ఆగిపోకుండా ఉండడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

ఆధారం అంటే ఒకే గ్రాఫ్. అడ్డంగా పటిక మోతాదు, నిలువుగా చివరికి మిగిలిన ఫ్లోరైడ్, 1.0 దగ్గర ఒక అడ్డగీత. కాలేజీ ల్యాబ్‌లో జార్ టెస్ట్ చేసే వీలుంటే ఒకే నీటిని ఒక్కో లీటరు పట్టే ఐదారు బీకర్లలో పోసి, మోతాదు మాత్రం మారుస్తూ చేసిన ఫలితాలు పెట్టండి. వీల్లేకపోతే పుస్తకంలోవి పెట్టి, ఎక్కడివో గ్రాఫ్ కిందే రాయండి. రెండు చోట్ల తప్పులు దొర్లుతాయి: అక్షాల మీద ప్రమాణాలు రాయకపోవడం, మొదట్లో నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందో చెప్పకపోవడం. మొదటి విలువ లేని గ్రాఫ్‌ను ఎవరూ సరిగా అర్థం చేసుకోలేరు.

పరిమితులు అంటే “సమయం సరిపోలేదు, సమాచారం దొరకలేదు” అని కాదు. అవి సాకులు. పద్ధతికున్న పరిమితి చెప్పాలి. రెండు చాలు. ఒకటి, శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలే అవకాశం. దానికీ IS 10500లో హద్దుంది: లీటరుకు 0.03, వేరే వనరు లేనప్పుడు 0.2 మిల్లీగ్రాములు. పీహెచ్ అదుపు తప్పితే ఫ్లోరైడ్ తగ్గి, అల్యూమినియం పెరుగుతుంది. రెండు, అడుగున చేరే బురద. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ పోయకూడదు. మీ జిల్లాలో ఇంకో విషయం కూడా సహజంగానే వస్తుంది: ఇప్పుడు మిషన్ భగీరథ కింద నది నీళ్లు వస్తున్నాయి కదా, ఈ పద్ధతితో పనేంటి? దీన్ని మీరే ఎత్తి, బోరు నీళ్లు తాగాల్సి వచ్చే చోటే దీని అవసరమని ఒక వాక్యంలో చెప్పేయండి. లేకపోతే ఎవరో ప్రశ్నల సమయంలో అడుగుతారు, అప్పుడు తడబడతారు.

ముగింపు అంటే చెప్పిందంతా మళ్లీ చెప్పడం కాదు. మీ ప్రశ్నకు జవాబు ఒకటి రెండు వాక్యాల్లో. ఆ స్లైడ్‌ను ప్రశ్నలు అయ్యేదాకా తెర మీదే ఉంచండి. “థాంక్యూ” స్లైడ్ పెడితే ఆ రెండు నిమిషాలూ అందరూ ఆ ఒక్క మాటే చూస్తూ కూర్చుంటారు.

ప్రశ్నలకు 2 మార్కులే, కానీ పోగొట్టుకోవడం సులువు. మూడు ప్రశ్నలు దాదాపు ఖాయం. “నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదా?” పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. “సున్నం ఒక్కటే వేస్తే?” కాల్షియం ఫ్లోరైడ్‌గా కొంత దిగుతుంది, కానీ దానికున్న కరిగే గుణం వల్ల లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, హద్దు 1.5 కదా. “బ్లీచింగ్ పౌడర్ వేయకపోతే ఫ్లోరైడ్ తగ్గదా?” తగ్గుతుంది, క్రిములే చావవు. తెలియని ప్రశ్న వస్తే తెలిసినంత మేర చెప్పి, ఎక్కడ ఆగారో చెప్పండి. కల్పించి చెబితే మేడమ్‌కు వెంటనే తెలిసిపోతుంది.

స్లైడ్ల గురించి రెండే మాటలు. శీర్షికలో “విధానం” అని కాకుండా “పటిక క్షారతను తినేస్తుంది” అని వాక్యం రాయండి, కింద ఒక బొమ్మో సమీకరణమో ఉంచండి. చదవడానికి వాక్యాలే లేకపోతే చదివే ప్రమాదమే ఉండదు. అక్షరాలు క్లాసు చివరి బెంచీ నుంచి కనబడాలి. ముందు రోజు వెళ్లి చూసుకోండి.

రిహార్సల్ ఫోన్ టైమర్ పెట్టి, నిలబడి, పైకి మాట్లాడుతూ చేయండి. మనసులో చదువుకుంటే సమయం ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. వివరణ పూర్తయ్యేసరికి టైమర్ 4 నిమిషాలు చూపించాలి. 4:40 దాటితే బోర్డు లెక్కను వదిలేసి నేరుగా గ్రాఫ్‌కి వెళ్లండి, పరిమితులను మాత్రం తగ్గించకండి, ఎందుకంటే అక్కడ ఒక టిక్ ఉంది, లెక్కకు వేరే టిక్ లేదు.

ఇంకా ఒక్క అనుమానం మేడమ్‌నే అడగండి: నిమిషం కోత అంటే 8 నిమిషాలు దాటి ఒక్క సెకను అయినా కోతా, నిండు నిమిషం దాటాకా? నోట్‌లో అది స్పష్టంగా లేదు. ముందు రోజు అడిగితే ఆమె అందరికీ చెబుతారు, మీ తర్వాత మాట్లాడేవాళ్లకీ పనికొస్తుంది.