మొక్కల డ్యూటీ వారానికి మార్చకూడదు

ప్రశ్న: మా పాప స్కూల్లో పిల్లలకు వారానికొక డ్యూటీ వేస్తున్నారు. మొక్కలకు నీళ్లు పోయడం, బట్టలు మడతపెట్టడం. వీటివల్ల నిజంగా బాధ్యత అలవడుతుందా?

అలవడుతుంది. కానీ అన్ని పనులూ వారానికోసారి మార్చేస్తే మాత్రం రాదు. కావలి దగ్గర పల్లెలో ప్రైమరీ పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను కాబట్టి గట్టిగానే అంటున్నాను.

మా వరండాలో పాత పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క ఉండేది. సోమవారం కొత్తగా వంతు వచ్చినవాడు హుషారుగా చెంబుల కొద్దీ నీళ్లు పోసేవాడు. కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కి, ముట్టుకుంటే రాలిపోసాగాయి. ఎండకు వాడిపోతోందని పిల్లలు ఇంకా పోశారు. ఇంటి దగ్గర మిరప నారు చూసి పెరిగిన ఒక మూడో తరగతి పిల్ల మట్టిలో వేలు గుచ్చి, "సార్, లోపలంతా బురదే!" అంది. చూస్తే డబ్బా అడుగు బెజ్జం పూడిపోయి ఉంది. నీళ్లు చాలకపోతే మట్టి డబ్బా అంచును వదిలేస్తుంది, ఆకు ఎండి పెళుసుగా అవుతుంది. ఎక్కువైతే ఆకు మెత్తగా ఉండగానే పసుపెక్కుతుంది, మట్టి కుళ్లు వాసన వేస్తుంది. మేకుతో బెజ్జం తీసి, పైమట్టి ఆరేదాకా నీళ్లు ఆపించాను. కొన్ని వారాలకు చిగురేసింది.

ఇక్కడ ఏ పిల్లవాడూ తన పని ఫలితం చూడలేదు. మొక్క పసుపెక్కేసరికి డ్యూటీ ఇంకొకరిది. అందుకే మొక్కల పని నెలకు మార్చాను. చివరి రెండు రోజులు పాతవాడు, కొత్తవాడు కలిసి చేస్తారు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, తడి తగిలితే నీళ్లు పోయకూడదని పాతవాడే నేర్పాలి.

బట్టల మడతకు వారం చాలు, తప్పు మర్నాటికే తెలిసిపోతుంది కదా. మధ్యాహ్న భోజనం తర్వాత చేతులు తుడుచుకునే తువ్వాళ్లు మావి. నడుమ ఆరినా, కుట్టిన అంచులో తడి మిగులుతుంది. అలాగే మడిస్తే తెల్లారేసరికి ముక్కవాసన. అంచును చెంపకు ఆనించి చూడమంటాను, చల్లగా తగిలితే మళ్లీ తీగమీదికే. తర్వాత మూలకు మూల కలిపి, పొడవుకు ఒక మడత, అడ్డంగా రెండు. రెండో తరగతి వాళ్లకు కూడా చక్కగా వచ్చేస్తుంది.

నాకు ఒళ్లు మండేది వేరే ఉంది. చాలా చోట్ల చీపురు, మడతలు ఆడపిల్లలకు, గంట కొట్టడం, లీడర్‌గిరీ మగపిల్లలకు. ఒక నాన్న మా దగ్గరకొచ్చి, "మా వాడిని తువ్వాళ్లు మడవడానికి పంపామా?" అని గొడవపడ్డాడు. వంతు వచ్చింది కాబట్టి మడవాల్సిందేనన్నాను, మడిచాడు. మీ పాప స్కూల్లో డ్యూటీ చార్టు ఒకసారి చూడండి. చీపురు ఎదురుగా ఎప్పుడూ ఆడపిల్లల పేర్లే ఉంటే హెడ్‌మాస్టరును నిలదీసి అడగండి.