U ట్యూబ్‌లో నీళ్ళు ఊగే టైమ్ పీరియడ్: 2g ఎక్కడి నుంచి వచ్చింది, L అంటే ఏ పొడవు

ప్రశ్న: U ట్యూబ్‌లో ఒక వైపు నీళ్ళని y అంత కిందకి నొక్కి వదిలితే నాకు T = 2π√(L/g) వస్తోంది. ఒక పుస్తకంలో 2π√(L/2g) అని ఉంది, ఇంకోదాంట్లో 2π√(h/g) అని ఉంది. ఏది కరెక్టు, నేనెక్కడ తప్పుతున్నాను?

జవాబు: మీరు లెవెల్ తేడా y అనుకున్నారు, అది 2y. నేను వైజాగ్‌లో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, ఈ లెక్కలో ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. ఎడమ వైపు మట్టం y దిగితే ఆ నీళ్ళు మాయమైపోవు కదా, ట్యూబ్ లోపలి వ్యాసం రెండు వైపులా ఒకటే కాబట్టి కుడి వైపు సరిగ్గా y లేస్తాయి, అంటే రెండు మట్టాల మధ్య తేడా 2y. ఎడమ మట్టం దగ్గర అడ్డంగా ఒక గీత గీయండి, ఆ గీత కింద ఉన్న నీళ్ళు అటూ ఇటూ సమానంగా తూగుతాయి, గీత పైన కుడి వైపు మిగిలిపోయిన 2y పొడవు నీళ్ళ బరువొక్కటే మొత్తం కాలమ్‌ని వెనక్కి తోస్తుంది.

F = −(2y)·A·ρ·g

తోసేది ఆ చిన్న ముక్కే అయినా కదలాల్సింది మాత్రం మొత్తం నీళ్ళు, ఎందుకంటే నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి ఒక చివర ఎంత స్పీడుతో కదిలితే వంపులో ఉన్నవీ అంతే స్పీడుతో కదలాలి. అందుకే మాస్ దగ్గర 2y కాదు, పూర్తి పొడవు L వేస్తాం.

ρ·A·L·a = −2·A·ρ·g·y
a = −(2g/L)·y
ω² = 2g/L
T = 2π√(L/2g)

ఎనర్జీతో కూడా ఒకసారి చూసుకోండి, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. ఎడమ వైపు y పొడవు ముక్కని కోసి తీసుకెళ్ళి కుడి వైపు మీద పెట్టామనుకోండి. ఆ ముక్క మధ్య బిందువు ముందు అసలు మట్టానికి y/2 కింద ఉండేది, ఇప్పుడు y/2 పైన ఉంది, అంటే లేచింది y. ముక్క మాస్ ρAy, కాబట్టి పొటెన్షియల్ ఎనర్జీ ρAg·y². దీన్ని ½ky² తో పోలిస్తే k = 2ρAg, మళ్ళీ అదే 2. ముక్క 2y లేచిందని రాసేవాళ్ళు కూడా ఉంటారు, మధ్య బిందువు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో బొమ్మలో గుర్తు పెడితే ఆ పొరపాటు జరగదు.

L/2 పొడవున్న పెండ్యులమ్ టైమ్ కూడా ఇంతే, ఈ మాట న్యూటన్ 1687లోనే నిరూపించి పెట్టాడు. కాకపోతే పెండ్యులమ్‌కి చిన్న కోణం అనే షరతు ఉంది, దీనికి అది లేదు. రెండు మట్టాలూ నిటారుగా ఉన్న తిన్నటి భాగంలోనే తిరుగుతున్నంత సేపు y ఎంతైనా ఫోర్సు y కి సరిగ్గా అనుపాతంలోనే ఉంటుంది. మట్టం వంపులోకి దిగిపోతే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఇక h గొడవ. h అంటే ఒక్కో వైపు నిటారుగా ఉన్న నీళ్ళ ఎత్తు. L = 2h అని పెడితే 2π√(h/g) వచ్చేస్తుంది, కాబట్టి ఆ పుస్తకం కూడా తప్పు కాదు, కానీ వంపులో ఉన్న నీళ్ళ పొడవు లెక్కలోకి రానంత తక్కువైతేనే. వంపు పెద్దదైతే ఎంత తేడా వస్తుందో పిల్లలకి చూపించాలని తాపీ మేస్త్రీలు లెవెల్ చూడ్డానికి వాడే ప్లాస్టిక్ గొట్టం లాంటిదే, లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లది, పూర్ణా మార్కెట్ వైపు 2 మీటర్లు కొని చెక్కకి గట్టిగా బిగించాను, వదులుగా ఉంటే గొట్టమే ఊగి లెక్క పాడైపోతుంది. నీళ్ళు ఒక్కో వైపు నిటారుగా 60 సెంటీమీటర్లు, కింద వంపులో 40, మొత్తం గొట్టం వెంబడి కొలిస్తే L = 1.6 మీటర్లు. ఒక చివర నోటితో ఊది మట్టం 8 సెంటీమీటర్లు దించి అదే చివర వేలితో మూసి పట్టుకుని, వాచీ మీద కన్ను పెట్టి వేలు తీసేయడమే. రెండో చివర తెరిచే ఉండాలి, ఎవరైనా దాన్నీ మూస్తే లోపలి గాలి గట్టి స్ప్రింగులా అడ్డుపడి మట్టం సరిగా కదలదు.

ఇప్పుడు మూడు ఫార్ములాలూ పెట్టి చూడండి. L/2g తో T 1.8 సెకన్లు, అయిదు ఊపులకి 9. వంపుని వదిలేసి h = 0.6 వేస్తే 1.55, అయిదుకి ఎనిమిదిలోపే. మీ L/g తో 2.54, అయిదుకి 12.7. ఒక్క ఊపు కొలిస్తే చెయ్యి ఆలస్యమే తేడాని మింగేస్తుంది, అయిదు కలిపి కొలిస్తే ఏది నిజమో వాచీయే చెప్పేస్తుంది. మాకు 9 కంటే కాస్త ఎక్కువే, తొమ్మిదిన్నరకి దగ్గరగా వచ్చేది, మిగతా రెండు లెక్కలకి దరిదాపుల్లో కూడా లేదు.

ఆ పైన వచ్చిన కాస్త చెయ్యి పొరపాటు కాదు, మళ్ళీ మళ్ళీ చేసినా అటువైపే వస్తుంది. నీళ్ళన్నీ ఒకే స్పీడుతో కదులుతాయని మనం అనుకున్నాం, నిజానికి గోడకి ఆనుకున్న పొర కదలదు, దాని పక్క పొర మెల్లగా కదులుతుంది, దాంతో మధ్యలో నీళ్ళు ఇంకా జోరుగా పోవాలి. అంతే నీరు అటూ ఇటూ మారడానికి కైనెటిక్ ఎనర్జీ ఎక్కువ కావాల్సి వస్తుంది, అంటే మాస్ పెరిగినట్టే, కాబట్టి T కొంచెం పెరుగుతుంది. గొట్టం సన్నమయ్యే కొద్దీ ఇది ఎక్కువ, లావు గొట్టంలో దాదాపు కనబడదు. ఊపులు త్వరగా చిన్నవైపోవడానికి కారణం కూడా ఆ గోడ దగ్గర రాపిడే.

ρ కొట్టుకుపోయింది కదా, దాన్ని కూడా నమ్మక్కర్లేదు, చూడొచ్చు. ఆర్కే బీచ్ నుంచి సీసాలో సముద్రం నీళ్ళు తెచ్చి అదే గుర్తు వరకు పోశాం, ఉప్పు వల్ల బరువు రెండున్నర శాతం దాకా ఎక్కువ, టైమ్ మాత్రం మారలేదు, ఎందుకంటే తోసే బరువు ఎంత పెరిగిందో కదలాల్సిన మాస్ కూడా అంతే పెరిగింది. పాదరసం పోసినా లెక్క ప్రకారం ఇదే T, కానీ దాని ఆవిరి విషం, ఇంట్లో ముట్టుకోవద్దు.

పల్లీ నూనె పోస్తే మాత్రం అసలు ఊగదు. వేలు తీయగానే మట్టం మెల్లగా జారుకుంటూ వచ్చి సమానం దగ్గర ఆగిపోతుంది, రెండో వైపుకి దాటదు. పిల్లలు డెన్సిటీ వల్ల అంటారు, నూనె నీళ్ళ కన్నా తేలికే కదా, కారణం జిగట. ఈ 12 మిల్లీమీటర్ల గొట్టంలో వెనక్కి తోసే ఫోర్సు ఉన్నా ఆ జిగట రాపిడి నూనెని ఊపు అందుకోనివ్వదు. మన డెరివేషన్‌లో రాపిడి పదమే లేదు, అందుకే పరీక్షలో మొదటి లైన్లోనే రాపిడి లేదు, గొట్టం లోపలి వ్యాసం అంతటా ఒకటే, L అంటే వంపుతో కలిపి మొత్తం పొడవు అని రాసేసి ఆ తర్వాత 2y బొమ్మ వేయండి.