మూడింట రెండు: మనుషులా, కుటుంబాలా?

సందేహం: మా అబ్బాయి చదివే బడి కమిటీకి సర్వే ఫలితాలు నేను చెప్పి వినిపించాలి. ఇంటికొకటి చొప్పున 412 ఫారాలు ఇస్తే 287 తిరిగొచ్చాయి. బడి అరగంట ఆలస్యంగా మొదలుపెట్టమని 190 (66.2 శాతం), వద్దని 71 (24.7 శాతం), ఏదైనా సరేనని 26 (9.1 శాతం) వచ్చాయి. "ముగ్గురు తల్లిదండ్రుల్లో ఇద్దరు మార్చమన్నారు" అంటే సరిపోతుందా? "దాదాపు" అనాలా, "సుమారు" అనాలా? (ఒక డేటా అనలిస్ట్, హైదరాబాద్)

సమాధానం: సరిపోదు. తెలుగులో మనుషులను లెక్కించే సంఖ్యలు వేరు, ఇతరమైనవాటిని లెక్కించే సంఖ్యలు వేరు కనుక, "ముగ్గురిలో ఇద్దరు" అనగానే వినేవారికి మనుషులు స్ఫురిస్తారు. మీరు లెక్కించింది ఇంటికొక ఫారం. తల్లి ఒకటి, తండ్రి ఒకటి అనుకునే ఇళ్లు కూడా ఒకే ఫారం నింపి ఉంటాయి. కాబట్టి "మూడు కుటుంబాల్లో రెండు" అనండి. వంతుల్లో చెప్పదలిస్తే "మూడింట రెండు వంతులు" అని పూర్తిగా చెప్పాలి. "మూడింట" వదిలేసి "రెండు వంతులు" అంటే ఎన్నింటిలో రెండో తెలియదు, ఉత్త "మూడు వంతులు" అన్నా చాలామంది ముప్పాతిక అనే అర్థం చేసుకుంటారు.

"దాదాపు" అన్నప్పుడు ఆ మొత్తానికి కాస్త తక్కువగా, దాని దగ్గరకు వచ్చి ఆగినట్టు ధ్వనిస్తుంది. "సుమారు" అటూ ఇటూ రెండు వైపులా చెల్లుతుంది. 66.2 మూడింట రెండు వంతులకు, 24.7 పావు వంతుకు కొద్దిగా తక్కువ కాబట్టి రెండు చోట్లా "దాదాపు" నప్పుతుంది. కానీ మూడో అంకెను కూడా "పదో వంతు" అని చుట్టేస్తే, లెక్క కట్టుకునే సభ్యుడికి మొత్తం నూటికి నూట రెండు దాకా తేలుతుంది. అందుచేత దానిని "మిగిలిన ఇరవై ఆరు కుటుంబాలు" అని విడి లెక్కగానే చెప్పండి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది "ఎవరిలో" అన్న మాట దగ్గర. అది లేకపోతే కమిటీ మొత్తం 412 కుటుంబాలనూ ఊహించుకుంటుంది. ఆ లెక్కన 190 అంటే 46 శాతమే, సగం కూడా కాదు. ఫారం ఇవ్వనివారు ఏమనుకుంటున్నారో ఈ సర్వే చెప్పదు. తెలుగు వాక్యంలో "ఎవరిలో" అన్నది ముందు రావడం సహజం గనుక ఇలా చదవవచ్చు: "ఫారాలు అందుకున్న 412 కుటుంబాల్లో 287 జవాబిచ్చాయి. జవాబిచ్చిన ప్రతి మూడు కుటుంబాల్లో దాదాపు రెండు, బడి అరగంట ఆలస్యంగా మొదలుపెట్టమన్నాయి. దాదాపు పావు వంతు వద్దన్నాయి. మిగిలిన ఇరవై ఆరు ఏదైనా సరేనన్నాయి."

దశాంశాలు సభ్యుల చేతికిచ్చే కాగితంలో ఉంటే చాలు. ఒక్కచోట మాత్రం ఇలా చుట్టకూడదు: 287లో మార్చమని 144, వద్దని 143 వచ్చి ఉంటే, "సగం" అన్న మాట ఒక్క ఫారంతో దక్కిన ఆధిక్యాన్ని దాచేస్తుంది. అప్పుడు "నూట నలభై నాలుగు, నూట నలభై మూడు" అని రెండు సంఖ్యలూ విడివిడిగా వినిపించాలి.