టెక్ సందేహాలు: రాలేనని చెప్పడానికి ఆహ్వానాన్ని ఫార్వర్డ్ చేయవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల వారు నవంబర్ 14న జరిగే సైబర్ భద్రత సదస్సులో ప్రసంగించమని ఈమెయిల్ రాసి, గూగుల్ క్యాలెండర్ ఆహ్వానం కూడా పంపారు. అదే రోజు మా ఆఫీసులో సర్వర్ల మార్పిడి ఉంది, వెళ్లలేను. మా బృందంలోని ఒకావిడ నాకన్నా బాగా మాట్లాడతారు. వచ్చిన ఆహ్వానాన్ని ఆవిడకు ఫార్వర్డ్ చేస్తే సరిపోతుందా? మరోసారి పిలిస్తే వస్తానని ఎలా చెప్పాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఫార్వర్డ్ మాత్రం చేయకండి. గూగుల్ క్యాలెండర్ పంపే ఆహ్వానపు మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది. ఆ మెయిల్ ఎవరి చేతికి వెళ్లినా వారు నిర్వాహకులకు జవాబు పంపగలరని, అతిథుల జాబితాలో చేరగలరని, మీరిచ్చిన జవాబును సైతం మార్చగలరని దాని సారాంశం. అందులోని Yes, No బటన్లు మీ పేరుకు ముడిపడి ఉండటమే ఇందుకు కారణం. కొన్నేళ్ల క్రితం నేనూ ఇలాగే ఒక మిత్రుడికి ఫార్వర్డ్ చేశాను. ఆయన తాను వస్తానన్న ఉద్దేశంతో Yes నొక్కితే అది నా అంగీకారంగా నమోదై, వారం తిరగకుండానే ఫ్లెక్సీ మీద నా ఫొటో వెలిసింది.

ముందుగా మీ సహోద్యోగినికి ఫోన్ చేసి, ఆ తేదీన ఆవిడకు వీలవుతుందా, ఆ అంశంపై మాట్లాడటం ఇష్టమేనా, ఈమెయిల్ చిరునామా వారికి ఇవ్వవచ్చా అని అడగండి. సర్వర్ల పని ఆవిడ మీద కూడా ఉంటే ఈ సిఫారసుకు అర్థమే ఉండదు కాబట్టి, అది కూడా అప్పుడే తేల్చుకోండి. ఆవిడ సరేనన్నాక ఉత్తరం రాయండి. క్యాలెండర్‌లో No నొక్కడం ఆ తరువాతి పని. ముందే నొక్కితే మీరు నిరాకరించారన్న యాంత్రికమైన సందేశం మీ ఉత్తరం కన్నా ముందు నిర్వాహకులకు చేరి, ముఖం మీద తలుపు వేసినట్లు ఉంటుంది. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

> నమస్కారం. సదస్సులో ప్రసంగించమని ఆహ్వానించినందుకు కృతజ్ఞతలు. నవంబర్ 14న ముందే ఒప్పుకున్న పని ఉన్నందువల్ల రాలేకపోతున్నాను. మా బృందంలోని ఫలానా గారు ఫిషింగ్ దాడుల విచారణలో రోజూ పనిచేస్తున్నారు, విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పగలరు. ఆ తేదీన తనకు వీలవుతుందని, మీరు నేరుగా సంప్రదించవచ్చని ఆవిడ చెప్పారు. ఈమెయిల్ చిరునామా కింద ఇస్తున్నాను. తుది నిర్ణయం మీదే. వచ్చే ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ శనివారమైనా, ఆరు వారాల ముందు తెలియజేస్తే తప్పక వస్తాను.

ఇందులో సర్వర్ల ప్రస్తావన కావాలనే తీసేశాను. ఏ రోజు మీ సంస్థ సర్వర్లు మారుతున్నాయో, బృందమంతా ఏ పనిలో మునిగి ఉంటుందో బయటివారికి రాతపూర్వకంగా చెప్పడం, అందులోనూ సైబర్ భద్రత చూసేవారు చెప్పడం, బాగుండదు. No నొక్కేటప్పుడు కనిపించే Add note పెట్టెలోనూ కారణం రాయకండి. నిర్వాహకులు అతిథుల జాబితాను దాచకపోతే ఆ మాట మిగతా వక్తలకు కూడా కనిపించే వీలుంది.

మీ సహోద్యోగినిని ఈ మెయిల్‌లో సీసీలో పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. నిర్వాహకులు అప్పటికే మరొకరిని అనుకుని ఉంటే, ఆవిడ చూస్తుండగా వద్దని రాయలేక ఇబ్బంది పడతారు. వారికి ఆవిడ నచ్చితే కొత్త ఆహ్వానాన్ని ఆవిడ పేరుతోనే పంపుతారు.

ఇక మరోసారి వస్తానన్న మాట. ‘ఎప్పుడైనా పిలవండి’ అని రాస్తే అది మర్యాదకు అన్న మాటగానే మిగిలిపోతుంది. నెల, వారం, ఎన్నాళ్ల ముందు చెప్పాలన్నది రాస్తేనే వారు దాన్ని పట్టుకుని పిలవగలరు. క్యాలెండర్‌లోని Propose a new time ఇందుకు పనికిరాదు. అది ఈ సదస్సు సమయాన్నే మార్చమని నిర్వాహకులను కోరుతుంది, మీ ఒక్కరి కోసం వందల మంది విద్యార్థుల కార్యక్రమాన్ని మరో సమయానికి మార్చమన్నట్లవుతుంది. ఖాళీ రోజులు చూసుకోమని మీ క్యాలెండర్‌ను అందరికీ తెరిచి పెట్టడం కూడా అనవసరం.

ఉత్తరం వెళ్లాక No నొక్కండి. నొక్కకుండా వదిలేస్తే నిర్వాహకుల జాబితాలో మీరు ఇంకా జవాబు ఇవ్వనివారిగానే ఉంటారు, సదస్సు రోజు గుర్తుచేసే మోత మీ ఫోన్‌లో మోగుతుంది. చివరగా, జనవరి మొదటి వారంలో మీ క్యాలెండర్‌లోనే ఒక గుర్తు పెట్టుకుని, వారి నుంచి కబురు రాకపోయినా ఆ శనివారాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయని అదే మెయిల్‌కు రెండు వాక్యాల జవాబు రాయండి. ఖాళీ లేకపోతే ఆ సంగతే రాయండి.