ఒకే యంత్రానికి ఒక పద్ధతిలో లాభం, ఇంకో పద్ధతిలో నష్టం వస్తోంది. యంత్రం ఖాతాలో ఎక్కడ తప్పు?

ప్రశ్న: వర్క్‌షీట్ ఫోటో పెట్టాను. 2021 జులై 1న 90,000కి యంత్రం కొన్నారు, బిగింపు ఖర్చు 10,000. తరుగుదల ఏడాదికి 20%. 2023 సెప్టెంబర్ 30న 58,000కి అమ్మేశారు. రెండు పద్ధతుల్లోనూ యంత్రం ఖాతా వేయాలి. స్థిర వాయిదాల పద్ధతిలో చివరి ఏడాది రెండు వైపులా 6,000 తేడా వస్తోంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో టోటల్ కలిసింది కానీ నష్టం చూపిస్తోంది. ఏది తప్పు?

జవాబు: నష్టం చూపిస్తున్న ఖాతాయే కరెక్ట్. తేడా వస్తున్న దాంట్లో కూడా మీ లెక్క తప్పలేదు, ఒక్క అంకె అవతలి వైపు పడింది.

ఫోటోలో మూడో లైను మసకగా ఉంది కానీ ఖాతాలు ముగించే తేదీ డిసెంబర్ 31 అని చదవొచ్చు. కాబట్టి 2021లో 6 నెలలు, 2022లో పూర్తి ఏడాది, 2023లో అమ్మిన రోజు వరకు 9 నెలలు. యంత్రం ఖరీదు 1,00,000. బిగింపు ఖర్చు యంత్రం పనిలోకి రావడానికి పెట్టిందే కనక దాన్ని కలిపే తీసుకున్నారు, బాగుంది.

స్థిర వాయిదాల పద్ధతిలో ప్రతిసారీ 20% లెక్క 1,00,000 మీదే. 2021లో 10,000 పోతే నిల్వ 90,000. 2022లో 20,000 పోతే 70,000. 2023లో 20,000కి 9 నెలల వంతు 15,000, అంటే అమ్మిన రోజున పుస్తక విలువ 55,000. వచ్చింది 58,000 కాబట్టి లాభం 3,000.

ఇక్కడే జారారు. లాభం అనగానే చెయ్యి క్రెడిట్ వైపుకు పోతుంది. పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువగా తగిలే తప్పు ఇదే. లాభనష్టాల ఖాతాలో అది క్రెడిటే. యంత్రం ఖాతాలో మాత్రం డెబిట్ వైపు రావాలి, ఎందుకంటే అమ్మకం ధర క్రెడిట్ వైపు పడ్డాక ఆ వైపు 3,000 ఎక్కువైపోతుంది, దాన్ని భర్తీ చేయాల్సింది డెబిట్ వైపే. 2023 ఖాతా ఇలా ఉండాలి:

| డెబిట్ | మొత్తం | క్రెడిట్ | మొత్తం |
|---|---|---|---|
| జనవరి 1, కిందికి తెచ్చిన నిల్వ | 70,000 | సెప్టెంబర్ 30, తరుగుదల | 15,000 |
| సెప్టెంబర్ 30, లాభనష్టాల ఖాతా (అమ్మకంపై లాభం) | 3,000 | సెప్టెంబర్ 30, బ్యాంకు (అమ్మకం) | 58,000 |
| | 73,000 | | 73,000 |

మీరు 3,000ని క్రెడిట్ వైపు వేయడంతో అటు 76,000, ఇటు 70,000 అయ్యాయి. తేడా సరిగ్గా లాభానికి రెట్టింపు. ఖాతా కలవనప్పుడు తేడాలో సగం చేసి చూడండి. ఆ సగం అంకె ఖాతాలో ఎక్కడైనా కనపడితే అది ముందు అనుమానించాల్సింది.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో శాతం ప్రతి ఏడాదీ ఆ ఏడాది మొదటి నిల్వ మీద. 2021లో 10,000, ఇది రెండు పద్ధతుల్లోనూ ఒకటే. 2022లో 90,000 మీద 18,000, నిల్వ 72,000. 2023లో 72,000 మీద ఏడాదికి 14,400, 9 నెలలకు 10,800, మిగిలింది 61,200. 58,000కే అమ్మారు కాబట్టి నష్టం 3,200. నష్టం యంత్రం ఖాతాలో క్రెడిట్ వైపు వస్తుంది: 10,800, 58,000, 3,200 కలిపితే 72,000, డెబిట్ నిల్వతో సరి.

ఒకే యంత్రం, ఒకే ధర, అయినా ఇలా రావడం వింతేం కాదు. మొదటి పద్ధతి అమ్మేలోపు 45,000 తరుగుదల రాసేసింది, రెండోది 38,800 మాత్రమే రాసింది. 45,000లో లాభం 3,000 తీసేయండి, 38,800కి నష్టం 3,200 కలపండి. రెండూ 42,000. యంత్రం మీద నిజంగా పోయింది అంతే: 1,00,000 పెట్టి కొని 58,000కి అమ్మారు. జవాబు రాశాక ఈ సరిచూపు చేసుకుంటే అర నిమిషం కూడా పట్టదు.

ఇంకో రెండు సంగతులు. మీ షీట్లో తరుగుదలను నేరుగా యంత్రం ఖాతాకే వేయమన్నారు కాబట్టి పైన అలా చూపించాను. తరుగుదల ఏర్పాటు ఖాతా విడిగా ఉంచమంటే, అమ్మే రోజు దాకా యంత్రం ఖాతాలో 1,00,000 కదలకుండా ఉంటుంది.

అలాగే ఆ మసక తేదీని పుస్తకంలో మళ్ళీ చూసుకోండి. అది మార్చి 31 అయితే మొదటి ఏడాది 9 నెలలు, చివరి ఏడాది 6 నెలలు. విచిత్రం ఏమిటంటే రెండో పద్ధతిలో అప్పుడు తరుగుదల 15,000, 17,000, 6,800గా మారినా చివరి విలువ మళ్ళీ 61,200కే వస్తుంది, మొదటి పద్ధతిలోనూ 55,000 మారదు. కాబట్టి లాభం, నష్టం పుస్తకం వెనక జవాబుతో కలిశాయని తేదీ సరిగా చదివినట్టు అనుకోవద్దు. ఏడాది ఏడాదికీ నిల్వలు వేరేగా ఉంటాయి, ఆ వరుసలకే మార్కులు పోతాయి.